జీతాల పద్దు: గ్రాస్ అంతా ఖర్చు, కటింగ్ అంతా బాకీ

ప్రశ్న: సార్, నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, పర్మనెంట్ స్టాఫ్ 21 మంది. నెలాఖరున బ్యాంకు నుంచి స్టాఫ్‌కి ఎంత పోతే అంత జీతాల ఖర్చుగా రాస్తాను. తర్వాతి నెలలో పీఎఫ్ చలానా కట్టినప్పుడు పీఎఫ్ ఖర్చు అని, టీడీఎస్ కట్టినప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ ఖర్చు అని రాస్తాను. ట్రయల్ బ్యాలెన్స్ ఎప్పుడూ టాలీ అవుతోంది. అయినా ఆడిటర్ గారు ఈసారి జీతాల పద్దులన్నీ తిరగరాయమన్నారు. పత్తి సీజన్‌లో డబ్బు టైట్‌గా ఉంటే పీఎఫ్ నాలుగు రోజులు ఆలస్యంగా కడదాం, కట్టేది మన డబ్బే కదా అంటారు మా ఓనర్ గారు. ఎక్కడ తప్పు చేస్తున్నానో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, ఆదోని

సమాధానం: అమ్మా, ఆడిటర్ గారు చెప్పింది సరైన మాటే. అయితే మీ తప్పు ఏ ఒక్క నెలలోనూ కంటికి కనిపించేది కాదు. ట్రయల్ బ్యాలెన్స్ దాన్ని పట్టుకోలేదు. ఎందుకంటే మీరు ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ రాస్తూనే ఉన్నారు. తేడా ఉన్నది ఖర్చును ఏ తేదీన, ఏ పేరుతో రాశారన్న దగ్గర. ఒక నెల లెక్క మొత్తం వేసి చూస్తే ఇది తేలిపోతుంది.

2026 జనవరి నెల తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి మీ 21 మందిలో ఒకరు మేనేజరు అనుకుందాం. ఆయన గ్రాస్ నెలకు 1,20,000, అందులో బేసిక్ 60,000. మిగతా 20 మందికీ ఒకే జీతం అనుకుందాం: గ్రాస్ 22,000, అందులో బేసిక్, డీఏ కలిపి 15,000. అప్పుడు గ్రాస్ మొత్తం 5,60,000 అవుతుంది. అందరి జీతమూ 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ ఈ లెక్కలోకి రాదు. మీ దగ్గర అంతకు తక్కువ జీతం వాళ్లు ఉంటే అది కూడా పీఎఫ్ పద్ధతిలోనే రాసుకోవాలి.

ఇప్పుడు కటింగ్‌లు. పీఎఫ్ కోసం చట్టం పెట్టిన వేతన పరిమితి 15,000. చాలా చిన్న సంస్థల్లాగే మీ మిల్లు కూడా ఎంత జీతం ఉన్నా 15,000 మీదే పీఎఫ్ కడుతోందనుకుంటే, ఒక్కొక్కరి నుంచి 12 శాతం, అంటే 1,800 పట్టుకోవాలి. 21 మందికి 37,800. వృత్తి పన్ను, అంటే ప్రొఫెషనల్ ట్యాక్స్, ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 20,000 దాటిన జీతానికి 200 చొప్పున పడుతుంది. 21 మందికి 4,200.

టీడీఎస్ ఒక్క మేనేజరుకే వస్తుంది. దాన్ని ఆ నెల జీతం మీద ఇంత శాతమని తీయరు. ఏడాది మొత్తానికి పన్ను అంచనా వేసి, దాన్ని నెలలకు పంచుతారు. ఆయన ఏడాది గ్రాస్ 14,40,000. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 13,65,000 మిగులుతుంది. వృత్తి పన్నును కూడా ఇక్కడ తీసేయాలనిపిస్తుంది కానీ కొత్త విధానంలో ఆ మినహాయింపు లేదు. 2025-26 స్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం చొప్పున 20,000, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం చొప్పున 40,000, ఆపైనున్న 1,65,000 మీద 15 శాతం చొప్పున 24,750. మొత్తం 84,750. దాని మీద 4 శాతం సెస్సు 3,390 కలిపితే 88,140. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,345. మధ్యలో జీతం పెరిగినా, బోనస్ ఇచ్చినా అంచనాను మళ్లీ వేసి, మిగిలిన నెలల్లో సర్దాలి.

మూడు కటింగ్‌లూ కలిపితే 49,345. గ్రాస్‌లోంచి అది పోగా స్టాఫ్ ఖాతాలకు వెళ్లేది 5,10,655. మీరు ఇప్పటిదాకా జీతాల ఖర్చుగా రాస్తున్నది ఈ చివరి అంకెనే.

రాయాల్సిన మొదటి పద్దు ఇది, జనవరి 31 తేదీతో:

జీతాలు — డెబిట్ 5,60,000
ఉద్యోగుల పీఎఫ్ చెల్లించాల్సినది — క్రెడిట్ 37,800
జీతాల టీడీఎస్ చెల్లించాల్సినది — క్రెడిట్ 7,345
వృత్తి పన్ను చెల్లించాల్సినది — క్రెడిట్ 4,200
జీతాలు చెల్లించాల్సినది — క్రెడిట్ 5,10,655

ఆ నెల పనికి మిల్లు ఒప్పుకున్న ధర 5,60,000. పని జరిగిపోయింది కాబట్టి ఖర్చు కూడా జనవరి 31కే పుట్టేసింది. బ్యాంకు నుంచి డబ్బు ఎప్పుడు కదిలిందన్నది తర్వాతి మాట. ఆ 5,60,000 మొత్తం స్టాఫ్‌దే. అందులో కొంత వాళ్ల చేతికి ఇస్తున్నారు, మిగతాది వాళ్ల తరఫున పీఎఫ్ సంస్థకు, ఆదాయపు పన్ను శాఖకు, రాష్ట్ర ప్రభుత్వానికి చేర్చడానికి మీ దగ్గర ఉంచుకుంటున్నారు. మీ ఆదోని యార్డులో సరుకు అమ్మిన కమీషన్ ఏజెంటు దగ్గర రైతు డబ్బు సాయంత్రం దాకా ఉంటుంది. అది ఆయన ఖాతాలో ఉన్నా ఆయన ఆదాయం కాదు, రైతుకు ఆయన పడిన బాకీ. మీరు పట్టుకున్న 49,345 కూడా అలాంటిదే. అందుకే క్రెడిట్ వైపు, బాధ్యతల్లో కూర్చోవాలి. టాలీలో ఈ లెడ్జర్లను Current Liabilities కింద గానీ Duties & Taxes కింద గానీ తెరవండి. Indirect Expenses కింద మాత్రం పెట్టొద్దు.

టీడీఎస్‌ను మీరు ఇన్‌కమ్ ట్యాక్స్ ఖర్చు అని రాశారు చూడండి, ఆడిటర్ గారికి ఎక్కువ చిక్కు తెచ్చేది అదే. ఆ పేరు చూసిన ఎవరైనా అది ఫర్మ్ తన లాభం మీద కట్టిన పన్ను అనుకుంటారు. ఫర్మ్ తన ఆదాయం మీద కట్టే పన్నును వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు, పన్ను లెక్కలో దాన్ని తిరిగి లాభంలో కలిపేస్తారు. అలా కలిపితే మేనేజరు జీతంలోని 88,140 ఏడాదికి ఖర్చు కాకుండా పోతుంది. నిజానికి అది జీతం, పూర్తిగా ఖర్చే. ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు దాఖలు చేసే ఫారం 24క్యూలో, ఆయనకిచ్చే ఫారం 16లో ఆయన జీతం 14,40,000 అని ఉంటుంది. పుస్తకాల్లో చేతికిచ్చిందే కనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి అడిగితే సమాధానం చెప్పాల్సింది మీరే.

రెండో పద్దు చాలామంది మరిచిపోయేది. ఉద్యోగి 12 శాతం ఇస్తే, యజమాని కూడా 12 శాతం వేయాలి. ఇది జీతంలోంచి పట్టుకున్నది కాదు, జీతానికి పైన మిల్లు భరించే అదనపు ఖర్చు. దాంతోపాటు ఈడీఎల్ఐ అనే బీమా కోసం అర శాతం, నిర్వహణ చార్జీలకు అర శాతం ఉంటాయి. నిర్వహణ చార్జీ సంస్థ మొత్తానికి నెలకు కనీసం 500. మీ పీఎఫ్ వేతనాలు 21 మందికి 15,000 చొప్పున 3,15,000. యజమాని వాటా 37,800, ఈడీఎల్ఐ 1,575, నిర్వహణ 1,575. మొత్తం 40,950.

యజమాని పీఎఫ్ వాటా (ఖర్చు) — డెబిట్ 37,800
ఈడీఎల్ఐ, పీఎఫ్ నిర్వహణ చార్జీలు (ఖర్చు) — డెబిట్ 3,150
యజమాని పీఎఫ్ చెల్లించాల్సినది — క్రెడిట్ 40,950

ఇప్పుడు జనవరి నెలకు స్టాఫ్ కోసం మిల్లుకు అయిన అసలు ఖర్చు తేలింది: 5,60,000కు 40,950 కలిపి 6,00,950. మీ ఓనర్ గారికి ఒక మనిషిని పెట్టుకుంటే ఎంత పడుతుందో చెప్పాల్సి వస్తే చెప్పాల్సింది ఈ లెక్కలోని అంకెలే. 22,000 గ్రాస్ ఉన్న మనిషి మిల్లుకు 23,950 పడతాడు, ఆయన చేతికి 20,000 వస్తుంది.

ఇక చెల్లింపులు. ఈ పద్దులేవీ ఖర్చుల జోలికి వెళ్లవు, బాకీని తీర్చి బ్యాంకును తగ్గిస్తాయి అంతే. జనవరి 31న జీతాలు వేసినప్పుడు, జీతాలు చెల్లించాల్సినది డెబిట్ 5,10,655, బ్యాంకు క్రెడిట్. ఫిబ్రవరి 7లోపు టీడీఎస్ 7,345, 10లోపు వృత్తి పన్ను 4,200, 15లోపు పీఎఫ్ రెండు లెడ్జర్లూ కలిపి 78,750. 2026లో ఫిబ్రవరి 15 ఆదివారం పడింది. అలాంటి నెలల్లో చివరి రోజు దాకా ఆగకుండా శుక్రవారానికే చలానా పూర్తి చేసుకోవడం మంచిది.

మీ పద్ధతిలో ఇవే డబ్బులు కలిపి చూడండి. చేతికిచ్చిన జీతం 5,10,655, పీఎఫ్ ఖర్చు 78,750, ఇన్‌కమ్ ట్యాక్స్ 7,345, వృత్తి పన్ను 4,200. మొత్తం అదే 6,00,950. ఒక్క రూపాయి తేడా లేదు. ఇన్నాళ్లూ మీకు అనుమానం రాకపోవడానికి కారణం ఇదే. తేడా మార్చి 31న బయటపడుతుంది. మార్చి జీతం మార్చిలోనే ఇచ్చేశారు, కానీ ఆ నెల పీఎఫ్, టీడీఎస్, వృత్తి పన్ను ఏప్రిల్‌లో కడతారు. మీ పద్ధతిలో అవి ఏప్రిల్ ఖర్చులోకి పోతాయి. దాంతో మార్చి 31 బ్యాలెన్స్ షీటులో పట్టుకున్న 49,345, యజమాని వాటా 40,950, మొత్తం 90,295 బాకీ ఎక్కడా కనిపించదు. బ్యాంకులో ఆ డబ్బు మాత్రం మీదే అన్నట్టు కూర్చుంటుంది. స్టాఫ్ పెరిగిన ఏడాది, జీతాలు పెంచిన ఏడాది లాభం కూడా మారిపోతుంది, ఎందుకంటే మొదట్లో కలిసిన పాత మార్చికీ చివర్లో జారిపోయిన కొత్త మార్చికీ అంకెలు ఒకటి కావు.

పీఎఫ్ చలానా దగ్గర ఇంకొంచెం ఆగుదాం. అకౌంట్స్ చూసేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పోర్టల్‌లో ఈసీఆర్, అంటే ఆ నెల పీఎఫ్ రిటర్న్, ఎక్కించాక వచ్చే చలానాలో మొత్తం ఉద్యోగి వాటా, యజమాని వాటా అని రెండే ముక్కలుగా ఉండదు. ఖాతా నంబర్ల ప్రకారం ఉంటుంది. యజమాని ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం, 15,000 మీద 1,250, పెన్షన్‌కు పోతుంది. మిగిలిన 550 పీఎఫ్‌లోకి వెళ్తుంది. 21 మందీ పెన్షన్ సభ్యులే అనుకుంటే, చలానాలో ఒకటో నంబరు ఖాతాలో 49,350 (ఉద్యోగుల 37,800, యజమాని 11,550), పదో నంబరులో పెన్షన్ 26,250, రెండో నంబరులో నిర్వహణ 1,575, ఇరవై ఒకటో నంబరులో బీమా 1,575 ఉంటాయి. 2014 సెప్టెంబరు నుంచి మొదటిసారి, 15,000 దాటిన జీతంతో పీఎఫ్‌లో చేరినవాళ్లకు పెన్షన్ ఉండదు. వాళ్ల 1,250 కూడా ఒకటో నంబరులోకే వెళ్తుంది. మొత్తం మాత్రం మారదు.

చలానా విభజన చూసి లెడ్జర్లు కూడా అలాగే పెట్టుకుందామనుకోకండి. డబ్బు ఏ నిధికి చేరుతోందో చలానా చెబుతుంది. అది ఎవరి డబ్బో లెడ్జర్ చెప్పాలి. సరిచూసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఉద్యోగి 12, యజమాని 12, బీమా అర, నిర్వహణ అర, కలిపితే 25 శాతం. పీఎఫ్ వేతనాలు 3,15,000లో నాలుగో వంతు 78,750. చలానా మొత్తం దీనికి రాకపోతే, రౌండింగు తేడా పది, ఇరవై రూపాయలు మినహాయించి, ఎవరి వేతనమో తప్పు పడిందన్నమాట.

లెడ్జర్ కూడా తప్పును మీకే చెబుతుంది. ఫిబ్రవరి 15 దాటాక జనవరి బాకీల లెడ్జర్లన్నీ సున్నా అవ్వాలి. నెలాఖరున చూస్తే ఆ నెల కటింగ్ ఒక్కటే క్రెడిట్‌గా ఉండాలి. రెండు నెలలది పేరుకుపోయి కనిపిస్తే ఒక చలానా కట్టలేదు, లేదా కట్టిన చలానాను మళ్లీ ఖర్చులోకి రాశారు. ఒకవేళ పీఎఫ్ బాకీ లెడ్జర్ డెబిట్‌లో కనిపిస్తే, కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరికీ జరిగేది అదే, యజమాని వాటా పద్దు రాయలేదని అర్థం. 37,800 క్రెడిట్ ఉన్న లెడ్జర్‌కు 78,750 చలానా డెబిట్ చేస్తే 40,950 డెబిట్ మిగులుతుంది. సరిగ్గా రెండో పద్దు అంత. పీఎఫ్ సంస్థ మీకు బాకీ ఉన్నట్టు చూపించే లెడ్జర్ కనిపిస్తే వేరే చోట వెతక్కండి, ముందు రెండో పద్దు ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మీ ఓనర్ గారి మాట. ఉద్యోగుల పీఎఫ్‌కు, యజమాని పీఎఫ్‌కు నేను వేర్వేరు లెడ్జర్లు చెప్పడానికి అసలు కారణం ఇక్కడుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. యజమాని వాటా సెక్షన్ 43బి కిందకు వస్తుంది. అది కాస్త ఆలస్యమైనా, ఫర్మ్ రిటర్న్ దాఖలు గడువులోపు కట్టేస్తే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకుంటారు. ఉద్యోగుల జీతంలోంచి పట్టుకున్న వాటా అలా కాదు. పట్టుకున్న క్షణం నుంచి దాన్ని చట్టం ఫర్మ్ ఆదాయంగా చూస్తుంది. పీఎఫ్ చట్టం పెట్టిన గడువులోపు, అంటే తర్వాతి నెల 15లోపు కడితేనే సెక్షన్ 36(1)(వీఏ) కింద మినహాయింపు వస్తుంది. ఒక్క రోజు దాటినా ఆ మినహాయింపు శాశ్వతంగా పోతుంది, తర్వాత కట్టినా తిరిగి రాదు. రిటర్న్ గడువులోపు కడితే చాలని వాదించినవాళ్లు చాలామందే ఉన్నారు. 2022 అక్టోబరులో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఉద్యోగి వాటా యజమాని దగ్గర నమ్మకంగా ఉంచిన సొమ్ము, తన జేబులోంచి కట్టేదానితో దాన్ని కలపకూడదని తేల్చింది.

అంకెల్లో చెప్తాను, ఓనర్ గారికి ఇదే చూపించండి. జనవరి పీఎఫ్ ఫిబ్రవరి 15కు బదులు 20న కట్టారనుకోండి. ఉద్యోగుల 37,800 ఖర్చు కింద పోదు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు పన్ను 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. అంటే దాదాపు 11,794 రూపాయల అదనపు పన్ను. పత్తి కొనుగోలుకు అయిదు రోజులు 37,800 వాడుకున్నందుకు ఇది ధర. దీనికి తోడు పీఎఫ్ సంస్థ వేసే వడ్డీ, నష్టపరిహారం వేరే. ఆదోనిలో సీజన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా యార్డులో సరుకు దిగిన రోజు రైతుకు డబ్బు ఇవ్వాలి, బేళ్లు అమ్మిన డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఆ ఒత్తిడి నిజమే. కానీ ఎంతో కొంత ఆపక తప్పదంటే యజమాని వాటా గురించి ఆలోచించాలి తప్ప ఉద్యోగి వాటాను ముట్టకూడదు. ఈసీఆర్ చలానా రెండింటికీ కలిపే వస్తుంది కాబట్టి ఆచరణలో మొత్తం గడువులో కట్టడమే దారి. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పండి. ఉద్యోగి జీతంలోంచి పీఎఫ్ పట్టుకుని కట్టకపోతే, ఆ సొమ్ము యజమానికి అప్పగించినట్టుగానే క్రిమినల్ చట్టం భావిస్తుంది. పాత ఐపీసీలో నమ్మకద్రోహం సెక్షన్ 405కు ఈ వివరణ ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316లోనూ ఉంది. అందుకే అది మన డబ్బే కదా అన్న మాట పనికిరాదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలవుతోంది. ఈ సమాధానంలోని ఆదాయపు పన్ను సెక్షన్లు, గడువులు, ఫారాలు 2025-26 లెక్కలకు సంబంధించినవి. ఏప్రిల్ నుంచి వచ్చే నెలలకు కొత్త చట్టంలోని సెక్షన్లు, గడువులు మీ ఆడిటర్ గారిని అడిగి రాసిపెట్టుకోండి. పద్దులు రాసే పద్ధతి మాత్రం మారదు.

టీడీఎస్ గడువుకు ఒక మెలిక ఉంది. పీఎఫ్ ఏ నెల వేతనమో ఆ నెలను బట్టి నడుస్తుంది, జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా 15 గడువే. జీతాల టీడీఎస్ అలా కాదు, జీతం చెల్లించిన రోజున కోయాలి. జనవరి జీతం జనవరి 31న ఇస్తే ఫిబ్రవరి 7 గడువు. అదే జీతం ఫిబ్రవరి 3న ఇస్తే కోత ఫిబ్రవరిలో పడినట్టు, గడువు మార్చి 7. మార్చిలో కోసినదానికి మాత్రం ఏప్రిల్ 30 దాకా సమయం ఉంటుంది. కోసి ఆలస్యంగా కడితే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ. నెలలో కొంత భాగమున్నా పూర్తి నెలగానే లెక్కిస్తారు. జనవరి 31న కోసి ఫిబ్రవరి 8న కడితే, ఆలస్యం ఒక్క రోజే అనిపించినా వడ్డీ రెండు నెలలకు పడుతుంది. 7,345కు 3 శాతం, సుమారు 220. కట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. 24క్యూలో మేనేజరు పాన్ నంబరుతో చూపిస్తేనే అది ఆయన ఖాతాలో పన్నుగా కనిపిస్తుంది. మీ లెడ్జర్ సున్నా అయింది కానీ ఆయన ఫారం 26ఏఎస్‌లో పన్ను లేదు అంటే లోపం రిటర్న్‌లో ఉన్నట్టు.

జీతం షీటులో కటింగ్ లాగా కనిపించి కటింగ్ కానివి రెండున్నాయి. వాటిని బాకీల్లో వేయకండి. మొదటిది సెలవు లేకుండా రాని రోజుల జీతం. 22,000 మనిషి ఆరు రోజులు రాలేదని కోస్తే, ఆ మేరకు గ్రాసే తగ్గింది. ఎవరికీ బాకీ లేదు. పీఎఫ్ వేతనం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ మనిషికి 1,800 కాకుండా తక్కువ పడుతుంది, ఈసీఆర్‌లో కూడా అలాగే చూపించాలి. రెండోది పండక్కి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి పట్టుకోవడం. ఉగాదికి 5,000 ఇచ్చినప్పుడు అది స్టాఫ్ అడ్వాన్సు అనే ఆస్తి. జీతంలో పట్టుకున్నప్పుడు ఆ అడ్వాన్సు లెడ్జర్‌కే క్రెడిట్ చేయాలి. చేతికొచ్చేది తగ్గుతుంది, జీతాల ఖర్చు తగ్గదు.

హమాలీల గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట చెప్తాను. కాంట్రాక్టరు ద్వారా మిల్లులో పని చేసేవాళ్లు కూడా పీఎఫ్ చట్టం దృష్టిలో ఉద్యోగులే. కాంట్రాక్టరు బిల్లు చెల్లించేటప్పుడు వాళ్ల పీఎఫ్ చలానా, ఈసీఆర్ కాపీ తీసుకుని ఫైల్లో పెట్టండి. ఆయన కట్టకపోతే అడిగేది మిల్లునే.

ఇప్పుడు పాత నెలలను సరిచేయడం ఎలా అన్నది. ప్రతి వోచరూ విప్పి తిరగరాయక్కర్లేదు, నెలకొక సర్దుబాటు పద్దు చాలు. జనవరి లాంటి ఒక నెలకు జీతాలు డెబిట్ 49,345, పీఎఫ్ ఖర్చు క్రెడిట్ 37,800, ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్ 7,345, వృత్తి పన్ను ఖర్చు క్రెడిట్ 4,200. అప్పుడు జీతాలు గ్రాస్‌కు చేరతాయి. పీఎఫ్ ఖర్చులో మిగిలే 40,950 నిజంగా యజమాని ఖర్చే, లెడ్జర్ పేరు మార్చితే సరిపోతుంది. అంకెలు మీ జీతం షీటు నుంచి తీసుకోండి, బ్యాంకు స్టేట్‌మెంటు నుంచి కాదు. మార్చి నెలకు మాత్రం ఇలా సర్దకుండా పైన చూపిన రెండు పద్దులూ పూర్తిగా రాయండి, బ్యాంకు నుంచి జీతాలు వేసిన వోచరును ఖర్చులోంచి తీసి జీతాలు చెల్లించాల్సినది లెడ్జర్‌కు మార్చండి, బాకీలు లెడ్జర్లలో మిగలనివ్వండి. ఏప్రిల్‌లో చలానాలు కట్టినప్పుడు అవి తీరిపోతాయి.

ఒక్కటి మాత్రం మీ అంతట మీరు చేయకండి. 2025 ఏప్రిల్ పుస్తకాల్లో ఖర్చుగా పడిన చలానాలు నిజానికి అంతకు ముందు మార్చివి. ఆ ఏడాది బ్యాలెన్స్ షీటు సంతకాలయ్యి, రిటర్న్ దాఖలై ఉంటుంది. వాటిని పాత ఏడాది ఖర్చుగా ఎలా చూపించాలో, పన్ను లెక్కలో ఎక్కడ పెట్టాలో ఆడిటర్ గారే తేల్చాలి. మీరు చేయాల్సింది ఆ చలానాలను విడిగా జాబితా రాసి, ప్రతిదానికీ చెల్లించిన తేదీ, ఉద్యోగి వాటా, యజమాని వాటా వేర్వేరు గడుల్లో వేసి ఆయనకివ్వడం. మిగతా పదకొండు నెలల పీఎఫ్‌కూ అదే జాబితా చేయండి. 15 దాటి కట్టిన నెలలేమైనా ఉంటే ఆయన మొదట చూసేవి అవే.